సెలవు మంజూరైంది, ఫోన్లు ఆగవు. అత్యవసరానికి ఒక్క దారి ఉంచి మిగతావి మర్యాదగా ఎలా తప్పించుకోవాలి?

బెజవాడ_లెడ్జర్

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక హోల్‌సేల్ కొట్లో అకౌంటెంటుని. పైపులు, ఫిట్టింగులు, మోటార్ల వ్యాపారం. ఆరేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. వచ్చే నెల 17 రాత్రి మా చెల్లి పెళ్ళి, పిఠాపురం దగ్గర మా ఊళ్ళో. 13 నుంచి 22 వరకు సెలవు అడిగితే ఓనరు గారు ఒప్పుకున్నారు. వాట్సాప్‌లో "ఓకే, వెళ్ళిరా" అని కూడా పెట్టారు. నాన్న లేరు, పెళ్ళిపనులన్నీ నా మీదే.

నా భయం వేరే. పోయినేడు బాబు పుట్టువెంట్రుకలకి మూడు రోజులు సెలవు పెట్టి తిరుమల వెళ్ళాం. ఫోన్ కౌంటర్లో డిపాజిట్ చేసి క్యూలో ఉన్నంతసేపే ప్రశాంతంగా ఉన్నాను. దర్శనమై వచ్చి ఫోన్ తీసుకుంటే 23 మిస్డ్ కాల్స్. తొమ్మిది ఓనరు గారివి, ఆరు గోడౌన్ నుంచి, మిగతావి పార్టీలవి. ఓనరు గారి తొమ్మిదీ ఓటీపీ కోసమే. జీఎస్టీ పోర్టల్లోనూ, సరుకు బండికి తీసే ఈ-వే బిల్లు సైట్లోనూ నా నంబరే ఉంది. బాబుని ఎత్తుకుని నిలబడి ఓటీపీలు చదివాను.

ఓనరు గారు చెడ్డవారు కాదు. నాన్న పోయినప్పుడు అడక్కుండానే రెండు నెలల జీతం ముందిచ్చారు. ఆయన మనసు నొప్పించకుండా "సెలవులో ఫోన్ చేయకండి, నిజంగా అత్యవసరమైతే ఇదిగో ఈ ఒక్క దారి" అని ఎలా చెప్పాలి? ఆ దారి ఏదై ఉండాలి? ఇలా చేసి నెగ్గినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_మిర్చి

అన్నా, మొహమాటం దేనికి? రైట్ టు డిస్‌కనెక్ట్ చట్టం వచ్చింది కదా, పార్లమెంటులో పెట్టారు. సెలవులో ఫోన్ ఎత్తక్కర్లేదు. స్విచాఫ్ చేసి పెళ్ళి చేసుకో... అదే, చెల్లి పెళ్ళి చెయ్యి.

పంచాయతీ_గుమస్తా

పది రోజుల ఈఎల్ అంటే వాడకుండా ఉంచుకుంటే తర్వాత ఎన్‌క్యాష్ చేసుకోవచ్చు. మీ దగ్గర సరెండర్ లీవ్ ఉందా? మంజూరు కాకపోతే ముందు లిఖితపూర్వకంగా అడగండి.

బెజవాడ_లెడ్జర్

గుమస్తా గారూ, సెలవు మంజూరైందండి. ఇబ్బందంతా సెలవులో వచ్చే ఫోన్లతోనే.

పంచాయతీ_గుమస్తా

సరిగ్గా చదవలేదు, క్షమించండి. అయితే మా వైపు పద్ధతి చెబుతాను, పనికొస్తుందేమో. ప్రభుత్వంలో సెలవు హక్కు కాదు. ఫండమెంటల్ రూల్స్‌లో 67వది ఆ మాటే అంటుంది. అవసరమైతే మధ్యలో వెనక్కి పిలవొచ్చు కూడా. కానీ పిలిస్తే అది ఉత్తర్వు. తప్పనిసరిగా రమ్మని పిలిస్తే బయల్దేరిన రోజు నుంచి డ్యూటీ కిందే లెక్క. అంటే మనిషి సెలవులో అయినా ఉంటాడు, డ్యూటీలో అయినా ఉంటాడు. మధ్యలో "సెలవులోనే ఉండి కాస్త ఈ ఫైలు చూడు" అనేది రూల్లో ఎక్కడా లేదు. అలవాటుగా నడుస్తోందంతే.

మెల్బోర్న్_నుంచి

గుంటూరు మిర్చి గారూ, ఒక చిన్న సవరణ. ఇండియాలో అది చట్టం కాలేదు. 2018లో సుప్రియా సూలే గారు లోక్‌సభలో పెట్టింది ప్రైవేటు మెంబరు బిల్లు. చట్టమైందనుకుని మాట్లాడితే ఓనరు గారి ముందు మన తమ్ముడు ఇరుక్కుంటాడు.

మాకు ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి ఉంది. పదిహేను మంది కంటే తక్కువ పనిచేసే చిన్న సంస్థలకి ఏడాది తర్వాత వర్తించింది. అదైనా యజమాని ఫోన్ చేయకూడదని అనదు. మనం ఎత్తకపోయినా, జవాబివ్వకపోయినా తప్పు కాదంటుంది, ఆ తిరస్కారం అసమంజసం కానంతవరకు. ఎందుకు ఫోన్ చేశారు, ఎంత ఇబ్బంది పెట్టారు, మన ఉద్యోగ బాధ్యత ఏమిటి, ఇంటి పరిస్థితి ఏమిటి, ఇవన్నీ చూస్తారు. కాబట్టి ఇక్కడ కూడా "ఏది అత్యవసరం" అన్న మాట ముందే అనుకోవాల్సిందే. ఆ పని చట్టం చేసిపెట్టదు.

లారీఆఫీస్_అక్క

తమ్ముడూ, ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు 19 ఏళ్ళు నడిపాను. సెలవులో ఉన్నవాళ్ళకి ఫోన్లు చేసిందీ నేనే, తర్వాత మాన్పించిందీ నేనే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నీ 23 కాల్స్ మళ్ళీ చూడు. తొమ్మిది ఓటీపీకి. అవి నీ మీద ప్రేమతోనో కోపంతోనో చేసినవి కావు. తాళం నీ జేబులో ఉంది, తలుపు వాళ్ళ దగ్గరుంది, అందుకని చేశారు. తాళం జేబులో పెట్టుకుని "ఫోన్ చేయకండి" అంటే ఎంత మర్యాదగా చెప్పినా నిలబడదు. ముందు తాళం అప్పగించు, మాట తర్వాత.

జీఎస్టీ పోర్టల్లో నాన్-కోర్ సవరణ కింద నంబరు ఓనరు గారిది చేయించు. దానికి ఆఫీసరు అనుమతి అక్కర్లేదు గానీ ఒకటికి రెండుసార్లు లాగినవ్వాల్సి వస్తుంది, పది రోజుల ముందే మొదలుపెట్టు. ఈ-వే బిల్లు సైట్లో గోడౌన్ కుర్రాడి పేరున సబ్-యూజర్ తెరిచి అతని నంబరే పెట్టు. అప్పుడు అతని ఓటీపీ అతనికే వస్తుంది. ఈ రెండూ అయ్యాక ఒక రోజంతా నువ్వు ఆఫీసులోనే ఉండి, ఏమీ ముట్టుకోకుండా, వాళ్ళచేత బిల్లు కొట్టించు. ఎక్కడ ఆగిపోతారో ఆ రోజే తెలుస్తుంది.

ఇక అత్యవసరం. "అర్జెంటైతేనే చేయండి" అని ఎవరికీ చెప్పకు. ఫోన్ చేసే ప్రతివాడికీ తన పని అర్జెంటే. రూపాయల్లో చెప్పు. నీ సెలవులో 20వ తారీఖు పడుతోంది, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను 3బికి గడువు. పైగా కొన్న సరుకు మీద పన్ను క్రెడిట్లు చూపించే 2బి వచ్చేది 14న, కాబట్టి వెళ్ళేముందు ఫైల్ చేసి పోవడం కుదరదు. ఇది పెద్ద గండంలా కనిపిస్తుంది. లెక్క వెయ్యి: ఒక రోజు ఆలస్యమైతే 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. లక్ష రూపాయల పన్నుంటే ఆ ఒక్క రోజు వడ్డీ 49 రూపాయలు. మొత్తం వంద. చెల్లి పెళ్ళిలోంచి నిన్ను లాగాల్సినంత పని కాదది. ఈ ఒక్క నెలకీ మీ ఆడిటరు గారి ఆఫీసుకి అప్పగించొచ్చు.

ఇప్పుడు ఇంకోటి చూడు. మూడు లక్షల పైపుల లోడు దారిలో ఆపారు, ఈ-వే బిల్లులో బండి నంబరు తప్పు. 18 శాతం లెక్కన పన్ను 54 వేలు. సరుకు పట్టుకుంటే దానికి రెండింతలు, అంటే 1 లక్షా 8 వేలు పెనాల్టీ అడగొచ్చు, బండి అక్కడే నిలబడుతుంది. ఇది ఆగదు. అప్పుడు నీకు ఫోన్ రావడం న్యాయం.

అంటే రెండు ప్రశ్నలు. 23వ తారీఖుదాకా ఆగితే పూడ్చుకోలేని నష్టం ఉందా? అది నువ్వు తప్ప ఇంకెవరూ చేయలేనిదా? రెండింటికీ అవునంటేనే ఆ దారి తెరుచుకోవాలి.

దారి ఎలా ఉండాలో రాత్రికి రాస్తా, మనవడు స్కూలు నుంచి వచ్చే వేళయింది.

సనత్‌నగర్_షాపు

నేను ఓనర్ని. హైదరాబాద్‌ల హార్డ్‌వేర్ షాపున్నది, ఏడుగురు పనిచేస్తరు. మా దిక్కు మాట కూడా వినుండ్రి.

అక్క చెప్పిన వంద రూపాయల లెక్క కరెక్టే. కానీ 3బి లేటైతే నాకు వంద రూపాయల బాధ కాదు. బ్యాంకోళ్ళు షాపు అప్పు, గదే సీసీ లిమిట్, రెన్యువల్‌కు వచ్చినప్పుడు రిటర్నులన్నీ అడుగుతరు, ఎప్పుడు ఫైల్ చేసినరో చూస్తరు. పన్నెండు నెలలు టైముకున్న కాగితంల ఒక్కటి లేటుంటే నాకు మంచిగనిపియ్యది. 3బి అత్యవసరం కాదంటే నేను ఒప్పుకోను.

ఇంకో మాట. మా అకౌంటెంటు సెలవు పోతే నాకు పని ఆగుతదని భయం కాదు, ఏమైతదో తెలువదని భయం. ఆ తెలువకపోవుడుకే ఫోన్ చేస్త. ఏడ ఏమున్నదో కాగితం మీద రాసి నా చేతిల పెడితే సగం ఫోన్లు నేనే చెయ్య.

లారీఆఫీస్_అక్క

షాపు గారూ, బ్యాంకు సంగతి నాకు తట్టలేదు, నిజమే. అయినా ఆడిటరు గారు చేయగలిగినంత కాలం అది ఈ తమ్ముడికి ఫోన్ చేయాల్సిన పని కాదనే అంటాను. నా రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

ఇక దారి. తమ్ముడూ, నీ మామూలు నంబరుని అత్యవసరం నంబరు చేయకు. అది వందమంది దగ్గర ఉంది. మీ ఆవిడ నంబరు అసలే ఇవ్వకు. మా క్లర్కు ఒకాయన అలా ఇచ్చి, పెళ్ళిలో ఆవిడచేత ఆఫీసు కబుర్లు మోయించాడు. ఇంట్లో పాత కీప్యాడ్ ఫోను, వాడని సిమ్ము ఉంటాయి. ఆ నంబరు ఓనరు గారికి ఒక్కరికే ఇయ్యి. గోడౌన్‌కి వద్దు, పార్టీలకి వద్దు. ఎవరికి ఏం కావాలన్నా ముందు గోడౌన్ కుర్రాడికి, అతని వల్ల కాకపోతే ఓనరు గారికి, ఆయనకి అవసరమనిపిస్తే నీకు. పోయినసారి నీకు ఫోన్ చేసినవాళ్ళలో ఎక్కువమంది ఓనరు గారిని అడగడానికి వెనకాడి తామే ఏదో చేసుకుంటారు. నేను చూశాను.

ఫోనే చేయాలి, మెసేజీ కాదు. మెసేజీ అంటే నువ్వు గంటగంటకీ ఫోన్ చూసుకుంటూ ఉండాలి, అది సెలవెలా అవుతుంది? నువ్వు కూడా ఒక మాట ఇవ్వాలి: ఆ ఫోన్ మోగితే ఎత్తుతాను, ఎత్తలేకపోతే గంటలోపు తిరిగి చేస్తాను, 17 సాయంత్రం నుంచి 18 పొద్దున దాకా మాత్రం వీలుకాదు. ఈ మాట నిలబెట్టుకో. ఒకసారి ఆ నంబరు పలక్కపోతే ఆయన మళ్ళీ పాత నంబరుకి వస్తాడు, అక్కడితో నీ ఏర్పాటు పోయినట్టే.

బ్యాంకు_కౌంటర్

మా బ్యాంకుల్లో ఇది తలకిందులుగా ఉంటుంది, చెప్పనివ్వండి. 2021 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్ళని ఏడాదికోసారి కనీసం పది పనిదినాలు వరసగా, ముందు చెప్పకుండా సెలవులో పంపాలి. ఆ రోజుల్లో మామూలు ఆఫీసు ఈమెయిల్ తప్ప పనికి సంబంధించిన ఏ సిస్టమూ వాళ్ళకి అందకూడదు. మనిషి సీట్లో లేనప్పుడే ఆ సీట్లో ఏమైనా తేడా ఉంటే బయటపడుతుందని.

మొదటిసారి నన్ను పంపినప్పుడు బ్రాంచి ఏమవుతుందోనని నిద్ర పట్టలేదు. ఏమీ కాలేదు. పక్క సీటాయన నా పని చేశాడు, రెండుచోట్ల తడబడ్డాడు, తిరిగొచ్చాక సరిచేశాం. లెడ్జర్ గారూ, ఓనరు గారికి ఈ మాట చెప్పి చూడండి. మీ పుస్తకాలు ఇంకొకళ్ళు పది రోజులు నడపడం ఆయనకే మంచిది.

నైట్‌డ్యూటీ_సిస్టర్

నేను ఐసీయూలో నర్సుని. మాకు సెలవులో వచ్చే ఫోన్ ఒకటే రకం: "ఒకళ్ళు రాలేదు, ఈ ఒక్క నైటుకి రాగలవా?" మెసేజీకి జవాబివ్వకపోతే మళ్ళీ మళ్ళీ పెడతారు. "చూస్తాను" అంటే వస్తుందని రాసేసుకుంటారు. నేనిప్పుడు ఒకేసారి "లేదు మేడమ్, ఊళ్ళో ఉన్నాను, 9న మార్నింగ్ డ్యూటీకి వస్తాను" అని పంపి ఊరుకుంటాను. కారణాలు రాయను. కారణం రాస్తే దానికో ఉపాయం చెబుతారు. "బాబుకి జ్వరం" అంటే "అమ్మమ్మ దగ్గర ఉంచలేవా" అంటారు.

బెజవాడ_లెడ్జర్

సిస్టర్ గారూ, కారణం రాయొద్దన్న మాట నాకు సూటిగా తగిలింది. నేనెప్పుడూ నాలుగు లైన్ల సంజాయిషీ రాస్తాను.

అక్కా, ఓనరు గారితో ముఖాముఖీ మాట్లాడదామనుకుంటున్నా. మాటలు మీరే చెప్పండి. పార్టీలకి ఏం పంపాలి?

లారీఆఫీస్_అక్క

ఓనరు గారికి ముందు నోటితో చెప్పు. సాయంత్రం గల్లా లెక్క అయ్యాక, ఆయన టీ తాగేటప్పుడు. పొద్దున లోడింగ్ టైములో వద్దు. తర్వాత అదే మాట వాట్సాప్‌లో పెట్టు, రేపు ఇద్దరికీ గుర్తుంటుంది. ఇలా:

"సర్, 13 నుంచి 22 వరకు చెల్లి పెళ్ళి పనుల్లో ఉంటాను. మామూలు ఫోనూ వాట్సాపూ చూడను. బిల్లులు, ఈ-వే బిల్లులు గోడౌన్‌లో చూసుకుంటారు, 3బి ఆడిటరు గారి ఆఫీసులో ఫైల్ చేస్తారు. ఏది ఎక్కడుందో రాసిన నోటుబుక్కు మీ టేబులు సొరుగులో పెట్టాను. బండి ఆపినా, అలాంటి ఆగని నష్టం వచ్చినా ఈ నంబరుకి మీరు ఒక్కరే ఫోన్ చేయండి, గంటలోపు పలుకుతాను. 17 రాత్రి మాత్రం ముహూర్తంలో ఉంటాను. 23 పొద్దున పది గంటలకి కొట్లో ఉంటాను."

ఇందులో బతిమాలడం లేదు, చట్టం లేదు. ఏం జరుగుతుందో ఉంది. తిరిగొచ్చే గంట రాయడం మర్చిపోకు, ఎదుటివాడికి ధైర్యమిచ్చేది అదే.

పార్టీలకి చిన్నదే: "నమస్తే అండి. 22 వరకు సెలవులో ఉన్నాను. ఆర్డర్లు, బిల్లులకి కొట్టు నంబరుకి ఫోన్ చేయండి, చూసుకుంటారు. 23 నుంచి నేను అందుబాటులో ఉంటాను." కీప్యాడ్ నంబరు సంగతి వాళ్ళకి ఎత్తొద్దు. 11వ తారీఖే పంపు, నీతో తేల్చుకోవాల్సినవి ఉంటే 12లోపు వస్తారు.

మధ్యలో ఎవరైనా మామూలు నంబరుకి మెసేజీ పెట్టి, నువ్వు చూసేశావనుకో. జవాబు చెప్పేయాలనిపిస్తుంది, నీకు తెలుసు కాబట్టి. చెప్పకు. "సెలవులో ఉన్నానండి, కొట్టు నంబరుకి చేయండి" అని ఒక్కసారే పంపు. రెండోసారి అదే మనిషి పెడితే ఏమీ పంపకు.

గుంటూరు_మిర్చి

చట్టం విషయంలో నేను పొరబడ్డాను, మెల్బోర్న్ గారికి థాంక్స్. కానీ ఇంత తతంగం కంటే రోజూ పొద్దున తొమ్మిదికి పావుగంట ఫోన్ చేసి "ఏమైనా ఉందా సర్" అని అడిగేస్తే తేలిక కాదా? రోజంతా ఇక ఎవరూ చేయరు.

సనత్‌నగర్_షాపు

గిది మంచిగున్నది. నాకైతే గదే కావాలె. పొద్దుగాల పావుగంట మాట్లాడితే దినమంత నిమ్మలంగుంట.

లారీఆఫీస్_అక్క

నేను వద్దంటాను. పావుగంట ఉందంటే ఆ పావుగంటకి సరిపడా పనులు పుడతాయి. పొద్దున తొమ్మిదికి పందిరివాడితో మాట్లాడాల్సిన మనిషి ఆఫీసు మాటల్లో ఉంటాడు, ఆ తర్వాత గంటసేపు బుర్రలో అవే తిరుగుతాయి.

సనత్‌నగర్_షాపు

అక్కా, నువ్వు మనిషిని చూస్తున్నవ్, నేను షాపును చూస్తున్న. పది దినాలు ఒక్క మాట లేకుండ ఉండుడు నాతోని కాదు.

సెల్‌పాయింట్_ఏలూరు

ఫోన్ సెట్టింగు నేను చెబుతా. పెళ్ళివాళ్ళ నంబర్లు, అంటే పందిరి, వంట, పంతులు గారు, చుట్టాలు, అన్నీ సేవ్ చేసి స్టార్ పెట్టండి. డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేసి స్టార్ ఉన్నవాళ్ళ కాల్స్ మాత్రమే మోగేలా పెట్టుకోండి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులు మ్యూట్‌లో "ఎల్లప్పుడూ" పెట్టి ఆర్కైవ్ చేసేయండి. బ్లూ టిక్కులు ఆపుకోవచ్చు గానీ గ్రూపుల్లో ఆగవు, గ్రూపు తెరిస్తే చూసినట్టు తెలిసిపోతుంది. కాబట్టి తెరవకపోవడమే.

బెజవాడ_లెడ్జర్

అందరికీ థాంక్స్. ఓనరు గారితో మాట్లాడి, వచ్చాక ఏమైందో రాస్తాను.

బెజవాడ_లెడ్జర్

తిరిగొచ్చాను. పెళ్ళి బాగా జరిగింది. చెల్లి అప్పగింతల్లో అమ్మ పక్కన నిలబడగలిగాను, చేతిలో ఫోన్ లేకుండా.

ఓనరు గారికి టీ వేళలోనే చెప్పాను. మొదట కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఓటీపీలకి నిన్ను అంత తిప్పలు పెట్టానా?" అన్నారు. నోటుబుక్కు రాయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. అక్క చెప్పిన ఆ ఒక్కరోజు పరీక్షలో మధ్యాహ్నానికే ఆగిపోయారు: ట్యాలీలో రద్దయిన బిల్లుని ఎలా చూడాలో ఎవరికీ తెలీదు. అది కూడా రాశాను.

కీప్యాడ్ ఫోన్ రెండుసార్లు మోగింది. 15 పొద్దున ఓనరు గారు: "కొత్త చెక్కుబుక్కు ఎక్కడ పెట్టావ్?" అది అత్యవసరం కాదు, ఆయనకీ తెలుసు. "సర్, నోటుబుక్కు మూడో పేజీలో ఉందండి. పందిట్లో ఉన్నాను, 23న కలుస్తాను" అన్నాను. ఎక్కడుందో నోటితో చెప్పలేదు. కష్టంగానే ఉంది అలా అనడం. మళ్ళీ అలాంటి ఫోన్ రాలేదు.

రెండోది 19 మధ్యాహ్నం. ఖమ్మం వెళ్ళే లోడు మైలవరం దాటాక యాక్సిల్ విరిగింది. సరుకు ఇంకో బండిలోకి మార్చాలి, ఈ-వే బిల్లులో కొత్త బండి నంబరు ఎక్కించాలి. గోడౌన్ కుర్రాడికి జ్వరం, ఇంటికెళ్ళిపోయాడు, ఫోన్ ఆఫ్. ఓనరు గారు అసలు లాగిన్‌తో ప్రయత్నిస్తే ఓటీపీ నా పాత నంబరుకే వస్తోంది. జీఎస్టీ పోర్టల్లో నంబరు మార్చాం గానీ ఈ-వే సైట్లోకి అది దానంతట రాలేదు. అక్కడ లాగినై అప్‌డేట్ కింద కామన్ పోర్టల్ నుంచి వివరాలు మళ్ళీ తెచ్చుకోవాలట. నేను ఆ పని చేయలేదు, సబ్-యూజర్ పనిచేస్తున్నాడు కదా అని పరీక్ష కూడా అతని లాగిన్‌తోనే చేశాం. ఇంట్లో బ్యాగులోంచి నా ఫోన్ తీసి ఓటీపీ చదివాను. నాలుగు నిమిషాలు పట్టింది. దీనికి నాకేమీ బాధ లేదు, ఆ దారి ఉన్నదే అందుకు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టినా, స్టార్ లేని ఒక పార్టీ కాల్ 16న మోగింది. సెల్‌పాయింట్ అన్నా, ఎందుకలా?

సెల్‌పాయింట్_ఏలూరు

ఆయన వెంటవెంటనే రెండుసార్లు చేసుంటాడు. రిపీట్ కాలర్స్ అని ఒక సెట్టింగుంటుంది. ఆండ్రాయిడ్‌లో అదే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగనిస్తుంది, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు. నిజంగా ఆపదలో ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. నేను ముందే చెప్పాల్సింది. మీకు కీప్యాడ్ ఉంది కాబట్టి అది ఆపేయొచ్చు. వేరే ఫోన్ లేనివాళ్ళు మాత్రం ఆపకండి, ఇంట్లోవాళ్ళకి అవసరపడొచ్చు.

లారీఆఫీస్_అక్క

చెక్కుబుక్కు ఎక్కడుందో చెప్పకుండా పేజీ నంబరు చెప్పావు చూడు, అక్కడ నాకు సంతోషమేసింది. సబ్-యూజరు ఒక్కడే ఉండటం నా సలహాలో లోపం. ఇద్దరుండాలి. జ్వరం ఎవరికైనా వస్తుంది.

సనత్‌నగర్_షాపు

3బి ఏమైంది తమ్మీ?

బెజవాడ_లెడ్జర్

ఆడిటరు గారి ఆఫీసులో 19 సాయంత్రమే ఫైల్ చేశారండి. ఓటీపీ ఓనరు గారి ఫోన్‌కే వెళ్ళింది. ఒక క్రెడిట్ వదిలేశారు, 2బిలో ఉంది గానీ మన పుస్తకంలో ఎక్కలేదు, వచ్చే నెల తీసుకుంటాం.

మీరడిగిన పావుగంట సంగతి ఓనరు గారు కూడా ఎత్తారు. "ఈసారికి ఒప్పుకున్నా, పది రోజులు గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నా, వచ్చేసారి పొద్దున ఒక్క ఫోనైనా చెయ్యి" అన్నారు. ఏం చెప్పాలో నాకింకా తెలీలేదు.

సనత్‌నగర్_షాపు

నేను చెప్పినగ.

నైట్‌డ్యూటీ_సిస్టర్

రోజూ కాకుండా, సెలవు మధ్యలో ఒక్కరోజు, టైము ముందే చెప్పి చేస్తే? పది రోజుల సెలవులో ఐదో రోజు. మీకు 17 పెళ్ళి కాబట్టి 19 అయ్యేది.

లారీఆఫీస్_అక్క

సిస్టర్ గారూ, దానికి నేను సగం ఒప్పుకుంటాను. ఆలోచించి రాస్తా.